పదిహేను సెకన్లలో ఒకే జవాబు

ఆరోగ్య విషయాలపై మా మనవడు తీసే చిన్న వీడియోల కింద ప్రేక్షకులు ప్రశ్నలు రాస్తుంటారు. వాకాడులో విశ్రాంతిగా ఉన్న నాకు వాటికి జవాబులు రాసిచ్చే పని అప్పగించాడు. ఒక్కో జవాబుకు గడువు 15 సెకన్లు. నిదానంగా మాట్లాడితే అందులో ఇమిడేవి సుమారు 30 మాటలు.

ఒక తల్లి ఇలా అడిగారు: "ఏడాది పాపకు విరేచనాలు. ఓఆర్‌ఎస్ పొడిని గ్లాసు నీళ్లలో కొంచెం కొంచెంగా కలిపి ఇవ్వవచ్చా?"

మొదటి ప్రతిలో నిర్జలీకరణ అంటే ఏమిటో వివరించాను. జవాబు వచ్చేలోపే సమయం అయిపోయింది. ప్రశ్న తెర మీద కనిపిస్తూనే ఉంటుంది గనుక దాన్ని మళ్లీ చదవనక్కరలేదు. తొలి మాటే జవాబు కావాలి.

రెండవ ప్రతిలో "వద్దు, ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపండి" అని రాశాను. పక్కింటి ఇల్లాలికి వినిపించి, "ఇప్పుడు నీవేం చేస్తావమ్మా?" అని అడిగాను. ఆమె తెచ్చిన ప్యాకెట్టు 200 మిల్లీలీటర్లకు ఉద్దేశించిన చిన్నది! నా మాట ప్రకారం కలిపితే లవణాలు బాగా పలచబడి, మందు దాదాపు ఉత్త నీరే అవుతుంది. వైద్యునికి స్పష్టంగా తోచినది వినేవారి చేతిలో తప్పు కావచ్చు.

చివరికి నిలిచినది ఇది:

"వద్దమ్మా, కొంచెం కొంచెంగా కలపవద్దు. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో, అన్ని నీళ్లలో పొడి మొత్తం ఒకేసారి కలపండి. నీళ్లు తగ్గితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి."

మొత్తం 29 మాటలు. నిడివి కోసం చివరి వాక్యం తీసేద్దామన్నాడు మనవడు. నేను ఒప్పుకోలేదు. ఆ వాక్యం లేకపోతే, ఇంట్లో మందు పట్టిస్తూ కూర్చున్న తల్లికి ఎప్పుడు బయలుదేరాలో తెలియదు. కోయవలసి వస్తే కారణాన్ని కోయవచ్చు కాని, హెచ్చరికను కోయరాదని నా అభిప్రాయం.

ఎంత తాగించాలన్నది ఇందులో చేర్చలేదు. అది బిడ్డ వయసును, విరేచనాల తీవ్రతను బట్టి మారుతుంది. అంగడిలో ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాల సంగతీ చేర్చలేదు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. చెప్పవలసిన విషయమే; అయితే ఆ తల్లి అడిగినది అది కాదు. దానికి వేరే వీడియో, వేరే 15 సెకన్లు.