ఎవరి జిమ్మా?

మనుబోలులో పేపర్ ఏజెంటుగా ఉన్న మా మామూ రొట్టెల పండగ రోజుల్లో ఒకనాటి పొద్దున ఫోన్ చేశాడు. "బేటా, పేపర్ కబ్ ఆతా?" అన్నాడు. ఏడున్నర దాటింది. నాలుగున్నరకు హైవే మీద దిగాల్సిన కట్టలు అప్పటికీ రాలేదు. పేపర్ వేసే పిల్లలు చూసి చూసి బడికి వెళ్లిపోయారు. ఆ రోజు మిగిలిన కాపీలను మామూ తనే సైకిల్ మీద తిప్పాడు. సగం మంది "రేపటిది ఇవ్వు చాచా" అని తిప్పి పంపారు.

తప్పు వ్యానుది కాదని నాకు తెలుసు. తప్పు మా ఆఫీసు సోమవారం మీటింగుది. అప్పుడు నేను పనిచేసిన పత్రికలో డెస్క్, రిపోర్టింగ్, యాడ్స్, సర్క్యులేషన్, ప్రింటింగ్ విభాగాల వాళ్లు వారానికోసారి కూర్చునేవారు. రెండు గంటలు సాగేది. చాయ్ రెండుసార్లు వచ్చేది. పండగ వారం ముందు సర్క్యులేషన్ సాబ్ ఒక మాటన్నారు: "ఊళ్లో రద్దీ ఉంటుంది, గూడూరు వైపు పేజీ పదకొండున్నరకు బదులు పదకొండింటికే వదలాలి." అందరం తలలూపాం. మేం దాన్నే ఫైసలా అనుకున్నాం. ఎవరూ రాసుకోలేదు. యాడ్స్ వాళ్లలో ఆ రోజు మీటింగుకు వచ్చినాయన వేరు, పండగ రాత్రి డ్యూటీలో ఉన్నాయన వేరు. ఆయన పదకొండుంబావుకు అరపేజీ ప్రకటన తెచ్చాడు. డెస్క్ వాళ్లు ఆగారు. ప్రింటింగ్ గంట ఆలస్యమైంది. వ్యాన్ పండగ రద్దీలో ఇరుక్కుంది. మర్నాడు అడిగితే అందరి జవాబూ ఒకటే: "నాకెవరు చెప్పారు?"

దీనికి ఇలాజ్ నాకు మా ఆపా దగ్గర దొరికింది. ఆపా పొదుపు సంఘంలో ఉంది. వాళ్ల దగ్గర ఒక తీర్మానాల పుస్తకం ఉంటుంది. ఎవరికి అప్పు, ఎంత, ఎప్పటికి తిరిగి కట్టాలి అన్నది అందులో రాసి, చదవడం రానివాళ్ల కోసం గట్టిగా చదివి, సంతకాలో వేలిముద్రలో తీసుకుంటారు. ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో రాసిన మేనేజ్‌మెంట్ పుస్తకంలోనూ అదే ఉంది: మీటింగ్ అయ్యాక ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటికి అన్నది వెంటనే రాసి పంపాలని. ఆపా ఆ పుస్తకం చూడలేదు లెండి.

మా ఎడిషన్ ఇన్‌ఛార్జిని బతిమాలి ఒక రిజిస్టర్ పెట్టించాను. శనివారం సాయంత్రానికి ఎవరి అంశం వాళ్లు గ్రూపులో పెట్టాలి, అదీ సవాల్ రూపంలో. "పండగ సర్క్యులేషన్" అని రాస్తే కబుర్లు మొదలవుతాయి. "గూడూరు పేజీ పదకొండింటికి వదలగలమా?" అని రాస్తే అవునో కాదో తేలుతుంది. పోయిన వారం ఎన్ని కాపీలు వెళ్లాయనే లెక్కలు ముందే చదువుకుని రావాలి, అక్కడ చదివి వినిపించకూడదు. ఇద్దరి మధ్య తేలే విషయమైతే ఆ ఇద్దరే బయట మాట్లాడుకోవాలి. మీటింగుకు ముప్పై నిమిషాలు. చివరి ఐదు నిమిషాలు రాసింది చదవడానికే.

రిజిస్టర్‌లో పండగ ఫైసలా ఉండాల్సిన తీరు ఇది: "పండగ రోజుల్లో గూడూరు పేజీ రాత్రి 11కు వదలాలి. 10.30 తర్వాత ఆ పేజీకి ప్రకటన తీసుకోం. జిమ్మేదార్: యాడ్స్ మేనేజర్. రాత్రి డ్యూటీ వాళ్లందరికీ శుక్రవారంలోగా చెప్పాలి." జిమ్మేదార్ దగ్గర "యాడ్స్ విభాగం" అని రాస్తే ఎవరూ లేనట్టే. ఒకే మనిషి ఉండాలి. పనంతా ఆయనే చేయాలని కాదు, వచ్చే సోమవారం జవాబు చెప్పేది ఆయన. ఆ రోజు గదిలో లేని మనిషికి జిమ్మా అంటగట్టకూడదు. ముందు ఫోన్‌లో ఒప్పించాలి.

మరుసటి మీటింగ్ ఆ వరుసలతోనే మొదలవుతుంది: అయింది, కాలేదు, తేదీ మారింది. ఒకే పనికి రెండుసార్లు తేదీ మారితే నేను మనిషిని తిట్టను, ఫైసలానే అనుమానిస్తాను. చాలాసార్లు ఆయన చేతిలో లేని పనిని ఆయన నెత్తిన పెట్టి ఉంటాం.

ఒక నష్టం ఉంది, దాచను. మీటింగ్ పొట్టిదైతే చిన్న ఉద్యోగులు నోరు విప్పరు. వ్యాన్ డ్రైవర్ ఆ గదిలో ఎప్పుడూ లేడు. రద్దీ సంగతి అందరికంటే ముందు తెలిసింది ఆయనకే. అందుకే సర్క్యులేషన్ సాబ్ ఆదివారం ఆయన్ను అడిగి వచ్చేలా మరో వరుస రాయించాం. పెద్ద తగాదాలకు కూడా ఈ అరగంట చాలదు, వాటికి వేరే రోజు పెట్టుకోవాలి. అంశాలేవీ రాకపోతే ఆ వారం మీటింగ్ రద్దు. ఇది పెద్ద సాబులకు అస్సలు నచ్చలేదు.

మరుసటి ఏడాది పండగకు మామూ ఫోన్ చేయలేదు. నేనే చేశాను. "కట్టలు నాలుగూ నలభైకి దిగాయి, ఎందుకు లేపావ్?" అన్నాడు.