దొంగ బోల్డ్ మన థ పొట్టలో చుక్కను మింగేస్తోంది



ఉగాది ఆహ్వానం, పిల్లల పోటీల బ్యానర్, సర్వసభ్య సమావేశం రిపోర్టు. మన సంఘం ఏడాది పొడుగునా అచ్చు వేయించే తెలుగు ఇంతే. బడిలో తమిళం చదివే మన పిల్లలకు ఇంటి బయట కనబడే తెలుగు అచ్చు కూడా దాదాపు ఇంతే. ఆ కొంచెంలోనూ శీర్షికలన్నీ దొంగ బోల్డ్‌లో వేయిస్తున్నాం. ఈ మాట అంటే కార్యవర్గంలో కొందరు, "చదవడానికి వస్తోంది కదా, ఇంకేం కావాలి?" అంటున్నారు. చదవడానికి రావడం లేదన్నదే మా వాదన. ఎందుకో చెబుతాం, ఓపికగా చదవండి.

ఫాంటు అంటే ఒక అక్షరాల సెట్టు. బాగా చేసిన ఫాంటు కుటుంబంలో మామూలు అక్షరాలకు ఒక ఫైలు, లావు అక్షరాలకు ఇంకో ఫైలు ఉంటాయి. లావు అక్షరాలను ఎవరో కూర్చుని మళ్ళీ గీస్తారు. కానీ మన తెలుగు ఫాంట్లలో చాలావాటికి మామూలు ఫైలు ఒక్కటే ఉంది. మన డీటీపీ వాళ్ళు ఎక్కువగా వాడే Mandali అలాంటిదే. దాన్ని పెట్టుకుని వర్డ్‌లో B బటన్ నొక్కితే, లేని లావు అక్షరాన్ని వర్డ్ ఎక్కడినుంచి తెస్తుంది? ఉన్న అక్షరానికే చుట్టూ రంగు పూసి లావు చేస్తుంది. దొంగ బోల్డ్ అంటే ఇదే. ఫోటోషాప్ అయితే దాచుకోకుండా ఆ బటన్‌కు Faux Bold అని పేరే పెట్టింది.

చుట్టూ పూస్తే నష్టం ఏమిటి? పిల్లల పోటీ శీర్షికనే తీసుకోండి: "కథా పఠన పోటీ, ప్రథమ బహుమతి". ఇందులో థ రెండుసార్లు, ఠ ఒకసారి వచ్చాయి. రెండింటికీ పొట్టలో చుక్క ఉంది. లెక్క కోసం థ గీత మందం 8 పాళ్ళు, చుక్కకూ దాని చుట్టూ ఉన్న గీతకూ మధ్య ఖాళీ 5 పాళ్ళు అనుకుందాం. కంప్యూటరు ప్రతి అంచుకూ 2 పాళ్ళు పూసింది. గీత 12 అయింది, శీర్షికకు అది చాలు. కానీ ఖాళీలోకి గీత వైపు నుంచి 2, చుక్క వైపు నుంచి 2 వచ్చి పడ్డాయి. 5లో మిగిలింది 1. ఫ్లెక్స్ మీద ఇంకు కాస్త పాకితే ఆ ఒక్కటీ పోతుంది. అప్పుడు థ అక్షరంగా ఉండదు, నల్లటి ముద్దగా మారుతుంది.

ఒత్తుల సంగతి ఇంకా అన్యాయం. కింద చిన్నదిగా కూర్చునే ఒత్తుకు గీత సన్నగానే ఉంటుంది, 5 పాళ్ళు అనుకోండి. దానికీ అదే పూత పడి 9 అవుతుంది. పై అక్షరం ఒకటిన్నర రెట్లు లావైతే ఒత్తు దాదాపు రెట్టింపు అయిందన్నమాట. "రాష్ట్ర" లాంటి మాటలో కింద రెండు ఒత్తులు ఒకదానికొకటి అతుక్కుపోవడం అందుకే.

అసలైన బోల్డ్ గీసేవాళ్ళు ఈ పని చేయరు. గీతను లావు చేసినప్పుడు అక్షరాన్ని కొంచెం వెడల్పు చేస్తారు, పొట్టలో చుక్కకు చోటు మిగులుస్తారు, ఒత్తు గీతను పై అక్షరం కంటే సన్నగానే ఉంచుతారు. కంప్యూటరుకు ఆ వివేకం లేదు, అన్ని అంచులకూ ఒకే పూత.

తమిళంలో ఇదే పని చేస్తే ఇంత కనబడదు. అక్షరం కింద అక్షరం కూర్చునే పద్ధతి అక్కడ లేదు. పైగా త, థ, ద, ధ నాలుగింటికీ తమిళంలో ఒకే అక్షరం, த. కాబట్టి మన పిల్లలకు తెలుగులో కొత్తగా పట్టుబడాల్సింది సరిగ్గా ఈ చిన్న గుర్తులే: ద కింద చిన్న గీత పడితే ధ, పొట్టలో చుక్క కూడా వస్తే థ. ఆదివారం క్లాసులో టీచరమ్మ ఆ చుక్కను చూపించి నేర్పుతుంది. సాయంత్రం మన బ్యానర్ ఆ చుక్కనే పూడ్చేస్తుంది. తెలుగు వచ్చిన పెద్దలు మాటను ఊహించి చదివేస్తారు. మాటే తెలియని పిల్లవాడు దేన్ని ఊహిస్తాడు? "చదవడానికి వస్తోంది కదా" అనేవాళ్ళు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఇక వంపు అక్షరాలు. ఇంగ్లీషులో ఇటాలిక్ అంటే ఊరికే ఒరిగిన అక్షరం కాదు, చేతిరాత నుంచి వచ్చిన వేరే రూపం. చాలా ఫాంట్లలో అసలు ఇటాలిక్‌లో a రూపమే మారిపోతుంది. మామూలు a రూపం అలాగే ఉండి ఒరిగితే అది దొంగదని అనుమానించవచ్చు. తెలుగులో ఆ సంప్రదాయమే లేదు. ప్రత్యేకంగా ఇటాలిక్ ఫైలు ఉన్న తెలుగు ఫాంట్లు అరుదు, Tiro Telugu ఒకటి. మిగతా చోట్ల I బటన్ నొక్కితే కంప్యూటరు అక్షరాన్ని పక్కకు తోస్తుంది.

తోసేటప్పుడు అక్షరాలు కూర్చునే గీత కదలదు. గీతకు పైన ఉన్నది కుడికి, కింద ఉన్నది ఎడమకు జరుగుతుంది. 14 డిగ్రీలు ఒరిగిస్తే ఎత్తులో నాలుగో వంతు జరుగుతుంది. బ్యానర్ మీద గీతకు 40 సెంటీమీటర్ల పైన ఉన్న గుడి 10 సెంటీమీటర్లు కుడికి పోయి పక్క అక్షరం మీద వాలుతుంది. 16 సెంటీమీటర్ల కింద ఉన్న ఒత్తు 4 సెంటీమీటర్లు ఎడమకు పోయి ముందు అక్షరం కిందికి దూరుతుంది. ముందే కుడికి వాలి ఉన్న తలకట్టు ఇంకా వాలుతుంది. గుండ్రటి సున్న కోడిగుడ్డులా సాగుతుంది. ఇంగ్లీషుకు ఒత్తులు లేవు గనుక ఈ జారుడు అక్కడ అంత తెలియదు.

దొంగను పట్టడం కష్టం కాదు. ఒకే వాక్యాన్ని రెండు వరుసల్లో టైపు చేసి, రెండో వరుసకు మాత్రం B నొక్కండి. అసలైన బోల్డ్ అయితే వరుస సాధారణంగా స్పష్టంగా పొడుగవుతుంది. పొడుగు దాదాపు మారకుండా అక్షరాలు మాత్రం ఒకదానికొకటి ఒరుసుకుంటే అనుమానించండి. తర్వాత 400 శాతానికి పెద్దది చేసి థ పొట్ట, ఒత్తుల మందం చూడండి. చివరగా ఆ ఫాంటుకు కంప్యూటర్లో ఎన్ని ఫైళ్ళున్నాయో చూడండి. Regular ఒక్కటే ఉంటే కేసు తేలిపోయినట్టే.

"అసలు బోల్డ్‌కు డబ్బు ఎవరు పెడతారు?" అని ఇంకో మాట వినబడుతోంది. పైసా అక్కర్లేదు. Noto Sans Telugu, Hind Guntur, Baloo Tammudu 2 ఉచితంగా దొరుకుతాయి, మూడింటికీ అసలైన బోల్డ్ ఉంది. ఒక్క జాగ్రత్త: Regular ఫైలు మాత్రమే ఎక్కించి B నొక్కితే వీటికీ దొంగ బోల్డే వస్తుంది. Bold ఫైలు కూడా ఎక్కించాలి. Mandali అందమే కావాలంటే నిక్షేపంగా వాడండి, కానీ B జోలికి పోకండి. శీర్షిక సైజు పెంచండి, రంగు మార్చండి. లేదా పుట్టుకతోనే లావైన Ramabhadra పెట్టండి, దానికీ B నొక్కకుండా.

"అదంతా ఆపరేటర్ చూసుకుంటాడు" అనడం మానేద్దాం. మన ఊళ్ళ ఆపరేటర్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు, చుక్క పోయిందని వాళ్ళకు ఎలా తెలుస్తుంది? ప్రూఫు మీద సంతకం పెట్టేది మనం. ఈ సంవత్సరం నుంచి కార్యదర్శిగారు ఒక నియమం పెట్టాలని కోరుతున్నాం: తెలుగుకు I బటన్ వద్దు, బోల్డ్ ఫైలు లేని ఫాంటుకు B బటన్ వద్దు, థలో చుక్క విడిగా కనబడని ప్రూఫుకు సంతకం వద్దు. ఒప్పుకోనివాళ్ళు పోయిన ఏటి బ్యానర్ ఫోటోను ఆదివారం క్లాసు పిల్లల ముందు పెట్టి చదివించండి. తర్వాత మాట్లాడుకుందాం.