ముందు కాగితం.. తర్వాతే ఫోన్!

చిన్న దుకాణదారులకు ఇన్‌స్టాగ్రామ్ క్యారసెల్ నేర్పే వర్క్‌షాప్ మీకు అప్పగించారా? స్పీచ్ స్క్రిప్ట్‌ని ‘బ్రాండింగ్ అంటే ఏమిటి’తో మొదలుపెట్టకండి. కొట్టు వదిలి వచ్చినవాళ్లు తొలి పోస్టు రాసుకునే వెళ్లాలి.

మీ మొదటి మాట ఇలా ఉండాలి: “అండీ, ఫోన్లు పక్కన పెట్టండి. కస్టమర్లు మిమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటి కాగితం మీద రాయండి.” ఆ ప్రశ్నే మొదటి స్లైడ్.

పచ్చళ్ల కొట్టునే తీసుకోండి. చాలామంది మొదటి స్లైడ్‌లో షాపు పేరు, లోగో పెట్టేస్తారు. చూసేవాళ్లకి వేలితో పక్కకు జరపాల్సిన అవసరమే కనిపించదు. దాని బదులు ‘ఆవకాయకి బూజు ఎందుకు పడుతుంది?’ అని రాయించండి. రెండో స్లైడ్: తడి గరిటె పెట్టొద్దు. మూడోది: ముక్కల పైన నూనె తేలేలా చూసుకోండి. నాలుగోది: జాడీ ఫొటో, ధర, వాట్సాప్ నంబర్. స్లైడ్‌కి ఒక్క మాటే.

తర్వాత కాగితాలు పక్కవాళ్లతో మార్పించండి. మొదటి స్లైడ్ చదివి “ఎందుకు?” అంటే అది పనిచేసినట్టే. “బాగుందండీ” అని తిరిగిచ్చేస్తే ప్రశ్న మార్చాలి.

ఫోన్లు ఆఖర్న తీయించండి. మొదటి ఫొటో ఏ ఆకారంలో ఉంటే మిగతావీ అలాగే కత్తిరించుకుపోతాయి. ధర, నంబర్ అంచుల్లో పోతాయి. అందుకే ఫొటోలన్నీ నిలువుగా, ఒకే సైజులో తీయమనండి.

స్క్రిప్ట్‌లో మీ మాటల కన్నా వాళ్లు రాసే సమయం ఎక్కువుందా? పంపేముందు అదొక్కటీ లెక్కచూసుకోండి.