అట్ట ఒకటే, పుస్తకాలు రెండు

వార్షికోత్సవం దగ్గరపడిందంటే పూర్వ విద్యార్థులైన అన్నలు మన హాస్టలు లైబ్రరీకి పుస్తకాలు పంపుతారు. కోఠిలో పాత పుస్తకాల షాపు ముందు నిలబడి, అట్ట ఫొటో ఒకటి, వెన్ను ఫొటో ఒకటి తీసి వాట్సాప్‌లో పెట్టి "తమ్ముడూ, ఇదేనా మీకు కావలసింది?" అని అడుగుతారు. ఆ రెండు ఫొటోలు చూసి "ఇదే అన్నా" అని జవాబివ్వటం మానెయ్యాలని మా అభిప్రాయం. ఎందుకో ఒక్క పుస్తకం తీసుకుని చెబుతాం.

ఎన్.సి.ఇ.ఆర్.టి. 12వ తరగతి కెమిస్ట్రీ సంగతే చూడండి. నీట్‌కు చదివే మనవాళ్ళందరూ వెతికే పుస్తకమిది. 2007లో మొదటిసారి అచ్చయినప్పుడు రెండు భాగాలూ కలిపి 16 పాఠాలు. 2022లో పాఠాలు తగ్గించారు. ఇప్పుడు వస్తున్నవి 10 మాత్రమే. అయితే అట్ట మాత్రం మార్చలేదు. మొదటి భాగం కోడ్ 12085 కూడా అలాగే ఉంది. అందుచేత అట్ట ఫొటో చూస్తే తరగతి, సబ్జెక్టు, భాగం, మీడియం తెలుస్తాయి గాని ఎడిషన్ తెలియదు.

వెన్ను ఫొటో కాస్త నయం. పాతదానిలో మొదటి భాగంలో 9 పాఠాలు, రెండో భాగంలో 7. కొత్తదానిలో చెరి 5. అంటే రెండు భాగాలనూ పక్కపక్కన నిలబెట్టి ఒకే ఫొటో తీస్తే, పాత సెట్టులో మొదటి భాగం రెండోదానికంటే కొట్టొచ్చినట్టు లావుగా ఉంటుంది. కొత్త సెట్టులో రెండూ దాదాపు సమానం. ఒక్క పుస్తకాన్నే ఫొటో తీస్తే లావో సన్నమో దేనితో పోల్చి చెబుతాం? పైగా రెండు భాగాలూ కలిపి బైండింగు చేయించినా, ఒక భాగం పాతది, ఇంకొకటి కొత్తది జతచేసి అమ్మినా వెన్ను మనల్ని మోసం చేస్తుంది. షాపుల్లో ఇలాంటి జతలు తక్కువేమీ కాదు!

కాబట్టి అన్నలకు మా విన్నపం ఒకటే. ఇంకో రెండు ఫొటోలు తీయండి. అట్ట తిప్పాక వచ్చే ముద్రణ వివరాల పేజీ ఒకటి. అందులో ఫస్ట్ ఎడిషన్ 2007 అని ఉంటుంది, దాని కింద రీప్రింట్ల వరుస ఉంటుంది. ఫస్ట్ ఎడిషన్ సంవత్సరం చూసి "పాతది" అని వదిలేయకూడదు, ఎందుకంటే కొత్తదానిలోనూ అది ఉంటుంది. రీప్రింట్ల కింద 2022 నాటి రివైజ్డ్ ఎడిషన్ మాట ఉందా లేదా అన్నదే చూడాలి. రెండోది విషయసూచిక. తీర్పు చెప్పేది అదే. మొదటి పాఠం సాలిడ్ స్టేట్ అయితే పాతది, సొల్యూషన్స్ అయితే కొత్తది. రెండో భాగం హాలోఆల్కేన్స్‌తో మొదలవుతుంది. ఆ పాఠానికి పాతదానిలో 10వ నంబరు, కొత్తదానిలో 6వ నంబరు. ముందు పేజీలు చిరిగిపోయినా ఆ నంబరు దొరికితే చాలు.

ఇంతకీ పాతది అని తేలితే వద్దనాలా? ఇక్కడ మా మాట కొందరికి నచ్చకపోవచ్చు. కొత్త పుస్తకం నుంచి తీసేసినవాటిలో పి-బ్లాక్ మూలకాల పాఠం ఉంది. కాని 2024 నీట్ కోసం 2023లో ప్రకటించిన సిలబస్‌లో 13 నుంచి 18 గ్రూపుల దాకా పి-బ్లాక్ అలాగే ఉంచారు. సాలిడ్ స్టేట్‌ను మాత్రం తీసేశారు. అంటే కొత్త పుస్తకం ఒక్కటే చదివినవాడికి పి-బ్లాక్ దొరకదు. పాతది ఒక్కటే చదివినవాడు అక్కరలేని సాలిడ్ స్టేట్ మీద రోజులు పోగొట్టుకుంటాడు. పాత మొదటి భాగంలో 7వ పాఠం 15 నుంచి 18 గ్రూపుల గురించే. 13, 14 గ్రూపులు పాత 11వ తరగతి పుస్తకంలో ఉన్నాయి.

అందుచేత లైబ్రరీలో "పాత ఎడిషన్" అని కట్టగట్టి తూకానికి వేసే పద్ధతి మాకు సమ్మతం కాదు. చదువుకోవడానికి మనిషికొక కొత్త సెట్టు కావాలి. పాత మొదటి భాగాలు మాత్రం నాలుగైదు బీరువాలో ఉంచి, అట్టమీద "పి-బ్లాక్ కోసం" అని పెద్దక్షరాలతో రాసిన చీటీ అంటించాలి. ఈ ఏడు పుస్తకాలు పంపదలచిన అన్నలు కొత్తవాటికి డబ్బు పెట్టండి. ఇంట్లో అటకమీద ఉన్న మీ పాత మొదటి భాగం అయితే, డబ్బేమీ పెట్టకుండా అదే పంపండి. 7వ పాఠం పేజీలు అన్నీ ఉన్నాయో లేదో ఒకసారి చూసి మరీ పంపండి.