కిరాయి ఇంట్లో అఖీఖా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాలలో మనలో చాలామంది ఉండేది విడి ఇంట్లో కాదు. యజమాని కుటుంబం కూడా నివసించే ఇంటిలోని ఒక పోర్షన్‌లో. గదులు మనకు కిరాయికి ఇచ్చినవే. కాని గేటు, మెట్లు, నీళ్ల ట్యాంకు, డాబా ఇరువురివీ. పదిమందిని పిలిచి అన్నం పెట్టదలచినప్పుడు మనం అనుమతి కోరవలసింది ముఖ్యంగా ఈ ఉమ్మడి వాటి విషయంలోనే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జనగామలో మేడపై పోర్షన్‌లో ఉంటున్న దంపతులకు మంగళవారం పగటిపూట ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రోజును కలుపుకొని లెక్కిస్తే ఏడవ రోజు సోమవారం. ఆడపిల్ల కనుక ఒక మేక. విందు డాబాపై చేయాలని వారి కోరిక. అడగడానికి వెళ్లేముందు ఆ దంపతులు చేయవలసిన మొదటి పని కాగితంపై పేర్లు రాసుకోవడం. అత్తగారి వైపు 11 మంది, పుట్టింటి వైపు 9 మంది, ఇరుగుపొరుగు, మిత్రులు 6 మంది, ఇంటివారు 4. పిల్లలతో సహా మొత్తం 30. ఎవరైనా తోడుగా ఒకరిని తీసుకురావచ్చు గనుక యజమానికి 35 అని చెప్పాలి. "ఓ పదిహేను మంది వస్తారు" అని చెప్పి నలభై మందిని మెట్లెక్కించడం మాట తప్పడమే. మాట కూడా అమానతే.

రెండవది సమయం. మనం సాధారణంగా భోజనం వేళ మాత్రమే చెబుతాము. యజమానికి ఇబ్బంది మొదలయ్యేది మాత్రం వంట సామాను గేటు దగ్గర దిగినప్పుడు. ముగిసేది చివరి గిన్నె తిరిగి వెళ్లినప్పుడు. కనుక ఆ మొత్తం సమయాన్నీ చెప్పాలి:

"అన్నా, వచ్చే సోమవారం మా పాప అఖీఖా. పిల్లలతో కలిపి 35 మందికి మించరు. పొద్దున పదింటికి సామాను వస్తుంది. జుహర్ నమాజు తర్వాత భోజనాలు, నాలుగింటికల్లా అందరూ వెళ్లిపోతారు. ఆరింటికి డాబా కడిగి మీకు చూపిస్తాము. మీకు, వదినకు ఇబ్బంది లేకపోతేనే చేసుకుంటాము."

నాలుగింటికి లేవమని అతిథులకు చెప్పడం మనకు మొహమాటం. ఈ మొహమాటాన్ని దివ్య ఖుర్ఆన్ ప్రస్తావించింది. హజ్రత్ జైనబ్ (రజి) వివాహ విందులో భోజనమయ్యాక కూడా కొందరు మాటలలో పడి కూర్చుండిపోయారు. దైవప్రవక్త (సఅసం) బయటికి వెళ్లి తిరిగి వచ్చినా వారు లేవలేదు. లేవమనడానికి ఆయన సిగ్గుపడ్డారు. తిన్న తరువాత వెళ్లిపోవాలని అహ్‌జాబ్ సూరా 53వ ఆయతు అప్పుడు విశ్వాసులకు బోధించింది. కనుక పిలిచేటప్పుడే వేళ చెప్పడం అమర్యాద కాదు. మహబూబాబాద్ నుండి కాజీపేట మీదుగా రైలులో వచ్చే బంధువులకైతే తిరుగు బండి వేళను బట్టి ముందే చెప్పడం మేలు కూడా.

మూడవది శుభ్రత. ఇక్కడ "అంతా శుభ్రం చేస్తాము" అన్న ఒక్క మాట చాలదు. జబహ్ ఇంట్లో కాక కసాయి వద్దనే చేయించాలి. కట్టెల పొయ్యి పెడితే డాబాకు మసి పడుతుంది, గచ్చు వేడికి పగులుతుంది. గ్యాస్ పొయ్యి వాడాలి, లేదా వంటవాని ఇంటి వద్దనే వండించి దేగ్ తెప్పించాలి. ఎముకలు గేటు బయట వేస్తే రాత్రి కుక్కలు వీధంతా ఈడుస్తాయి. వాటిని సంచిలో కట్టి ఉంచి మరునాడు మున్సిపాలిటీ బండికి ఇవ్వాలి. కొవ్వు, నూనె మోరీలో పోస్తే గడ్డకట్టి నీరు ఆగిపోతుంది. పెద్ద గిన్నెలు కడిగే పని టెంట్ హౌస్ వారికి కూలి ఇచ్చి అప్పగించడం ఉత్తమం. చేతులు కడగడానికి, వుజూకు డ్రమ్ములలో నీళ్లు వేరుగా తెప్పించుకుంటే ట్యాంకు ఖాళీ అయిందన్న మాట రాదు.

ఇంత చెప్పినా యజమాని వద్దనవచ్చు. ఇంట్లో ముసలివారికి జబ్బు కావచ్చు, పిల్లల పరీక్షలు కావచ్చు; కారణం చెప్పకనూ పోవచ్చు. ఇతరుల ఇంటి ముందు నిలిచి అనుమతి కోరినప్పుడు తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవడమే మీకు పరిశుద్ధమైనదని నూర్ సూరా 28వ ఆయతు బోధిస్తున్నది. డాబా విషయంలోనూ మన వైఖరి అదే కావాలి. దీనివల్ల అఖీఖాకు లోటు రాదు. సున్నత్ అయినది జబహ్; డాబాపై విందు దానికి షరతు కాదు. సోమవారం మేకను కోయించి, మాంసాన్ని బంధువులకు, పేదలకు పచ్చిగానే పంచవచ్చు. పాప తల వెంట్రుకల తూకానికి సరిపడా వెండి సదకా ఇవ్వవచ్చు. విందు మరొక రోజున మరొకచోట పెట్టుకోవచ్చు.

అనుమతి లభిస్తే, ఆరింటికి యజమానిని మనమే పిలిచి డాబా చూపాలి. ఆయన మాంసాహారం తింటారో లేదో ముందే అడిగి, తినేవారైతే మొదటి పళ్లెం, తినకపోతే పండ్లు, మిఠాయి ఆ ఇంటికి పంపాలి. పొరుగువానిగా ఆయనకు మనపై ఉన్న హక్కు అది.