జెండా స్తంభం ఎక్కకుండానే...

పంద్రాగస్టు దగ్గర పడింది. మా స్కూలు జెండా స్తంభానికి కట్టిన తాడు చీకిపోయింది. కొత్తది కొనాలంటే స్తంభం ఎత్తెంతో తెలియాలి. ఎక్కి కొలిచేవాడు లేడు. పదో తరగతి పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లాను.

కోణమాని అడ్డ అంచుకు కూల్‌డ్రింకు గొట్టం అంటించాం. మధ్య బిందువు నుంచి దారం కట్టి, చివర ఓ నట్టు వేలాడదీశాం. ఇదే మన క్లినోమీటర్. ఒకడు స్తంభం అడుగు నుంచి 12 మీటర్ల దూరంలో నిలబడి, గొట్టంలోంచి కొసను చూశాడు. చూస్తున్నవాడికి దారం కనిపించదు. తల తిప్పితే చెయ్యి కదులుతుంది. అందుకే నట్టు ఊగడం ఆగాక, పక్కనున్నవాడు సెల్‌ఫోన్‌తో కోణమాని ఫొటో తీశాడు. ఫోన్ కోణమానికి ఎదురుగా, తిన్నగా ఉండాలి. ఏటవాలుగా తీస్తే దారం పక్క గీత మీద ఉన్నట్టు కనిపిస్తుంది.

ఫొటోను పెద్దది చేసి చూస్తే దారం 58 మీద ఉంది. వెంటనే ఒకమ్మాయి లెక్క కట్టేసింది: "సార్, టాన్ 58 అంటే 1.6. పన్నెండుతో గుణిస్తే 19 మీటర్ల పైనే!"

"అంటే ఆరంతస్తుల మేడంత. మన స్తంభం అంతుందా తల్లీ?" అన్నాను. అందరూ పైకి చూశారు.

పొరపాటు ఎక్కడంటే, గొట్టం నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు దారం సున్నా మీద కాదు, 90 మీద ఉంటుంది. కాబట్టి 90 లోంచి 58 తీసేయాలి. ఊర్ధ్వకోణం 32 డిగ్రీలు. కోణం 45 కంటే తక్కువైతే, కంటికి పైనున్న ఎత్తు మనం నిలబడ్డ దూరం కంటే తక్కువే రావాలి. జవాబు సరిచూసుకోడానికి ఇదే గుర్తు.

టాన్ అంటే ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగించడం. టాన్ 32 విలువ 0.625. దాన్ని 12తో గుణిస్తే 7.5 మీటర్లు. అయితే ఇది కంటి మట్టం నుంచి పైకి ఉన్న ఎత్తే. చూసినవాడి కన్ను నేలకు 1.4 మీటర్ల ఎత్తున ఉంది. అదీ కలిపితే 8.9. ఈ లెక్కకు నేల చదునుగా ఉండాలి. దూరాన్ని కూడా దిమ్మె అంచు నుంచి కాక, స్తంభం మధ్య నుంచి కొలవాలి.

కోణం ఒక్క డిగ్రీ తప్పితే? ఇక్కడ జవాబు దాదాపు 30 సెంటీమీటర్లు మారుతుంది. అదే 2 మీటర్ల దూరం నుంచి చూసి ఉంటే అర మీటరు మారేది. కోణం 45కు దగ్గరగా ఉండేచోట నిలబడితే తప్పు అన్నిటికంటే తక్కువ. అందుకే 8.9 అని పట్టుబట్టకుండా, 9 మీటర్లు అనుకున్నాం.

తాడు కప్పీ మీదుగా పైకెళ్లి కిందకి రావాలి కాబట్టి 18, ముడులకు మరో 2. మొత్తం 20 మీటర్లు కొన్నాం. మొదటి జవాబును నమ్మి ఉంటే నలభై దాటేది!