కాగితం లేకపోతే బాకీ లేదా?

“నేను చెయ్యమన్నానా?” ఊళ్ళో తగాదాలు తీర్చేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న ముందు ఎన్నో న్యాయమైన బాకీలు మాయమైపోతాయి. అడిగినవాడికి జవాబు దొరకదు. సంతకం లేదు, సాక్షి లేడు, మాట కూడా అనుకోలేదు. అలాంటప్పుడు బాకీ ఎక్కడిదని పెద్దమనుషులు కూడా తల ఊపేస్తారు. కానీ మన దేశ చట్టం 150 ఏళ్ళకు పైగా ఇందుకు వేరే జవాబు చెబుతోంది. ఆ జవాబు అందరికన్నా ఎక్కువగా తెలియాల్సినవాళ్ళకు అది చేరలేదు.

తళవాయిపురంలో, రాజపాళయం చుట్టుపక్కల చెరువును కన్మాయి అంటారు. కన్మాయి తూము దగ్గర మొదలైన ఒక పిల్లకాలువ ముగ్గురు రైతుల పొలాలకు పారుతోందనుకుందాం. మొదటివాడికి 10 ఎకరాలు, రెండోవాడికి 12, మూడోవాడికి 8. అక్టోబరు వానలు దగ్గర పడ్డాయి. కాలువ పూడిపోయి ఉంది, గట్టు ఒకచోట తెగింది. మొదటి రైతు మిగతా ఇద్దరికీ చెప్పాడు. వాళ్ళు “చూద్దాంలే” అన్నారు. అతను ఆగలేక 18,000 రూపాయలు పెట్టి పూడిక తీయించాడు, గట్టు కట్టించాడు. వానలు పడ్డాయి, నీళ్ళు వచ్చాయి, ముగ్గురి పొలాలూ పండాయి. వాటా అడిగితే మిగతా ఇద్దరూ ఒకటే మాట అన్నారు: “మేం చెయ్యమన్నామా?”

ఇక్కడ ఒప్పందం లేదన్నది నిజమే. అయితే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో, ఒప్పందం లేకపోయినా ఒప్పందంలాగే పుట్టే బాధ్యతల కోసం 68 నుంచి 72 వరకు అయిదు సెక్షన్లు ఉన్నాయి. లాయర్లు వీటిని క్వాసీ కాంట్రాక్టు అంటారు. వీటి వెనక ఉన్న సూత్రం ఒకటే: ఇంకొకడి ఖర్చుతో, ఇంకొకడి చెమటతో వచ్చిన లాభాన్ని ఊరికే ఉంచుకోకూడదు. అలా ఉంచుకోవడాన్ని అన్యాయ లబ్ధి అంటారు. మన కాలువ తగాదాకు వర్తించేది 70వ సెక్షన్.

చెరువు విషయంలోనే ఈ సెక్షన్ మీద మద్రాసు హైకోర్టు 1894లో పేరున్న తీర్పు ఇచ్చింది. అది దామోదర ముదలియార్‌కూ, ప్రభుత్వం తరఫున సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కూ మధ్య నడిచిన వ్యాజ్యం. ఒక చెరువు కింద కొన్ని ప్రభుత్వ గ్రామాలు, కొన్ని జమీందారీ గ్రామాలు ఉన్నాయి. చెరువు నిలవాలంటే మరమ్మతు తప్పదు. ప్రభుత్వం చేయించింది. జమీందారీ గ్రామాలు కూడా ఆ నీళ్ళు వాడుకున్నాయి. ఖర్చులో వాటా ఇస్తామని జమీందార్లు ఏనాడూ ఒప్పుకోలేదు. అయినా వాటా ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. ప్రభుత్వానికి ఆ మరమ్మతులో సొంత ప్రయోజనం ఉన్నంత మాత్రాన దాని హక్కు పోలేదు.

70వ సెక్షన్ మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఆ పని చట్టబద్ధంగా జరిగిందా? ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా జరిగిందా? ఎవరి కోసం జరిగిందో ఆ మనిషి దాని ఫలితం అనుభవించాడా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే పరిహారం ఇవ్వాలి, లేదా తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలి.

మన కాలువకు వద్దాం. అది ముగ్గురూ వాడుకునే కాలువ కాబట్టి పూడిక తీయడంలో తప్పు లేదు. ముందే ఇద్దరికీ చెప్పాడు, తర్వాత వాటా అడిగాడు కాబట్టి దానంగా చేయలేదు. మిగతా ఇద్దరూ తూము మూసుకోలేదు, నీళ్ళు పెట్టుకున్నారు. ఎకరాల లెక్కన పంచితే మొదటివాడి వాటా 6,000, రెండోవాడిది 7,200, మూడోవాడిది 4,800. చేయించినవాడు తన వాటా తాను భరించి మిగతా 12,000 అడగవచ్చు. అయితే 18,000 పని చేయించి 30,000 అయిందంటే చెల్లదు. ఆ పనికి న్యాయమైన విలువ ఎంతో అంతే వస్తుంది.

దీనికి హద్దులు కూడా ఉన్నాయి. ప్రార్థనా మందిరం పైకప్పు కానుకగా వేయించినవాడు, తర్వాత పెద్దలతో మనస్పర్థ వచ్చిందని బిల్లు పంపితే కుదరదు. మీ ఇంటికి మీరు లేనప్పుడు రంగు వేసిపోయి డబ్బు అడిగితే అదీ కుదరదు, ఎందుకంటే వద్దనే అవకాశం మీకు లేదు. ఈ విషయాన్ని సుప్రీంకోర్టు 1961 డిసెంబరులో బి.కె. మండల్ కేసులో వివరంగా చెప్పింది. బెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో పౌర సరఫరాల శాఖ అధికారులు అడిగితే ఒక కాంట్రాక్టరు నిల్వ షెడ్లు, ఇతర పనులు చేశాడు. 19,325 రూపాయలు రావాలని దావా వేశాడు. ప్రభుత్వ కాంట్రాక్టుకు ఉండాల్సిన పద్ధతిలో పత్రం రాయలేదు కాబట్టి ఒప్పందం చెల్లదని ప్రభుత్వం వాదించింది. ఒప్పందం చెల్లదు, నిజమే. కానీ షెడ్లు వద్దని చెప్పే స్వేచ్ఛ ప్రభుత్వానికి ఉంది. వద్దనకుండా తీసుకుని వాడుకుంది కాబట్టి డబ్బు ఇవ్వాలని కోర్టు తేల్చింది.

ఇక నా అసలు మాట. ఈ రెండు కేసుల్లోనూ గెలిచింది ఎవరు? ఒకటి ప్రభుత్వం, రెండోది కాంట్రాక్టరు. ఇద్దరి దగ్గరా లెక్కల పుస్తకాలున్నాయి, లాయర్లున్నారు. బలహీనులు ఓడేది రెండో ప్రశ్న దగ్గరే: “ఉచితంగా చేయలేదని ఏమిటి రుజువు?” తమిళనాట కుడిమరామత్తు అనే ఆచారం ఉండేది. చెరువులకూ కాలువలకూ ఊరివాళ్ళే ఒంటి కష్టంతో మరమ్మతు చేయాలి. 1858లో మద్రాసు ప్రాంతం కోసం దాన్ని నిర్బంధ శ్రమ చట్టంగా కూడా చేశారు. ఆచారం పేరుతో చేసిన కష్టానికి లెక్క రాయరు. లెక్క లేని కష్టం క్రమంగా “వాళ్ళే ఇష్టంతో చేశారు” అన్న మాటగా మారిపోతుంది. మౌనాన్ని దానంగా చదవడం న్యాయం కాదు. ఉద్దేశాన్ని పరిస్థితులను బట్టే తేల్చాలి. రోజు కూలి మీద బతికే మనిషి వారం రోజులు ఊరికే మట్టి మోసిందని నమ్మడానికి ఏ కారణం ఉంది?

ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతోంది. కాగితం లేకపోవడం వేరు, ఒప్పందం లేకపోవడం వేరు. “రోజుకు ఇంత ఇస్తాను, రా” అన్న నోటిమాట కూడా ఒప్పందమే. అలాంటి కూలి బాకీకి ఒప్పందం, వేతన చట్టాలు ముందు దారి. మాటే జరగనప్పుడు, లేదా జరిగిన ఒప్పందం చెల్లనప్పుడు 70వ సెక్షన్ పనికొస్తుంది. నోటిమాట కౌలు రైతుకు మాత్రం ఇది కష్టమైన దారి. బావి బాగు చేయించింది తన పంట కోసమేనని భూస్వామి అంటాడు. పని జరుగుతుండగా భూస్వామికి తెలుసనీ, ఖర్చు అడిగాననీ చూపగలిగితేనే అతని కేసు నిలుస్తుంది.

అందుకే పని మొదలయ్యేటప్పుడే ఒక చిన్న సందేశం పంపాలి: “ఫలానా పని చేయిస్తున్నాను, ఇంత ఖర్చవుతుంది, మీ వాటా ఇవ్వాలి. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి.” ఫోన్‌లో పంపినా చాలు. ఆ రెండు ముక్కలు రెండో ప్రశ్నకూ, మూడో ప్రశ్నకూ కలిపి జవాబు చెబుతాయి. రసీదులు, కూలీల పేర్లు, పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు దాచాలి. మూడేళ్ళు దాటితే దావాకు గడువు పోతుంది కాబట్టి “వాడే ఇస్తాడులే” అని ఏళ్ళ తరబడి కూర్చోకూడదు. మహిళలకూ, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికీ ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవల సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు.

మన సంఘాల్లో చదువుకున్న యువకులు ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు, తమిళంలో రాయగలరు. పక్కింటి మనిషికి ఆ రెండు ముక్కల సందేశం రాసిపెట్టడం వాళ్ళకు పది నిమిషాల పని. ఈసారి ఎవరైనా “నేను చెయ్యమన్నానా?” అంటే అడగాల్సిన ఎదురు ప్రశ్న కూడా చట్టంలోనే ఉంది: “వద్దన్నావా? మరి నీళ్ళు ఎందుకు పెట్టుకున్నావు?”